పక్కకా, పైకా? – 5వ పాఠం: మారే నెల

పోయిన పాఠంలో "కొత్త పని నేర్పే టీమ్ దొరికితే జీతం పెరగకపోయినా మారండి" అని రాశాను. అదే కంపెనీలో పక్క టీముకు ఎప్పుడు మారాలో రాయలేదు. కొందరు జనవరి, ఫిబ్రవరిల్లోనే మారి, ఏప్రిల్లో వచ్చిన రేటింగ్ చూసి బాధపడుతూ నాకు రాశారు. అందుకే అనుకున్న పాఠం పక్కన పెట్టి ఇది చెబుతున్నాను.

అప్రైజల్ ఏడాది ఏప్రిల్ నుంచి మార్చి దాకా నడిచే కంపెనీల్లో, ఫిబ్రవరిలో మారితే పది నెలలు మీ పని చూసిన మేనేజర్ చేతిలో మీ రేటింగ్ ఉండదు. కొత్త మేనేజర్‌కు మంచి రేటింగులు కొన్నే ఉంటాయి. వాటిని ఏడాదంతా తన దగ్గర కష్టపడినవాళ్లకు ఇచ్చుకుంటాడు. మీకు మధ్య రేటింగ్ వస్తుంది. అందులో ఆయన తప్పేమీ లేదు. కాబట్టి హైక్ లెటర్ చేతికొచ్చాకే మారండి. అంతవరకు ఆగే వీలు లేకపోతే, పాత మేనేజర్ చేత ఆ నెలల రివ్యూ పోర్టల్లో రాయించుకుని కదలండి. ఇంకొకటి: ఈ గ్రేడులో మీరు గడిపిన కాలం కొత్త టీములో కొనసాగుతుందా, మళ్లీ మొదటి నుంచి లెక్కిస్తారా? హెచ్.ఆర్.ను మెయిల్లో అడగండి. నోటిమాటగా "చూసుకుందాంలే" అంటే ఒప్పుకోవద్దు. ఆ మాట ఇచ్చినవాళ్లు ఏడాది తర్వాత అక్కడ ఉండకపోవచ్చు.

ఇప్పుడు ఒక లెక్క. హైదరాబాద్‌లో ఆరేళ్లుగా టెస్టింగ్ చేస్తున్న ఒకరి జీతం ఏడాదికి 14 లక్షలనుకుందాం. టెస్ట్ లీడ్‌గా ప్రమోషన్ ఇస్తే 12 శాతం పెరుగుతుంది, అంటే 1.68 లక్షలు. అదే గ్రేడులో, అదే జీతానికి రిలీజ్ ఆటోమేషన్ టీముకు వెళితే, రెండేళ్లలో పన్నుకు ముందు వదులుకునేది దాదాపు 3.36 లక్షలు. పక్క అడుగు ఖరీదు అదే.

ఆ డబ్బుకు ఏం వస్తుందో తేల్చడానికి, ఏడాదిన్నర తర్వాతి రెజ్యూమెలో ఉండబోయే ఒక్క వాక్యం ఇప్పుడే రాస్తాను. లీడ్ అయితే: "ఎనిమిది మంది టెస్టర్ల పని చూసుకున్నాను." పక్కకు వెళితే: "ఆరు గంటలు పట్టే రిలీజ్‌ను నలభై నిమిషాలకు తెచ్చాను." రెండో వాక్యాన్ని ఇంటర్వ్యూలో గంటసేపు వివరించవచ్చు, అందుకే నేనైతే పక్కకే వెళతాను. కానీ ఆ లీడ్ పోస్టులో మనుషుల్ని ఎంచుకోవడం, క్లయింట్‌కు ఎస్టిమేట్ ఇవ్వడం మీ చేతిలో ఉంటే ప్రమోషనే తీసుకోండి. కొత్త టీములో కూడా మీచేత టెస్టింగే చేయిస్తామంటే కదలొద్దు, అది పేరు మారిన పాత కుర్చీ.

అభ్యాసం: ఆ రెండు ఉద్యోగాలూ ఇప్పుడు చేస్తున్న ఇద్దరిని కలిసి, నిన్న వాళ్లు ఏ గంటలో ఏం చేశారో అడిగి రాసుకోండి. "సాధారణంగా" అని మొదలుపెడితే ఆపి, మళ్లీ నిన్నటి సంగతే అడగండి.