చైము పేరు పట్టుకుందాం – నాలుగో పాఠం: ఎక్కిందా దిగిందా అన్నది చాలదు, ఎన్ని మెట్లో కావాలి

కిందటి పాఠంలో చైమును ఫోనులో రికార్డు చేసి, నెమ్మదిగా పాడుకుని, ఒక్కో స్వరం దాని ముందు స్వరం కంటే పైకి వెళ్లిందా కిందికి దిగిందా అని రాసుకున్నాం. మొదటి స్వరానికి *, పైకి వెళితే U, దిగితే D, అక్కడే నిలిస్తే R. 1975లో డెనిస్ పార్సన్స్ వేలాది బాణీలను ఇలాగే వరుసపెట్టి అచ్చువేశారు. Musipedia సైటులో ఇప్పటికీ ఈ అక్షరాలు కొట్టి బాణీని వెతకవచ్చు. చాలా బాణీలకు అది చాలు. నాలుగైదు స్వరాల చైములకు మాత్రం చాలదు. ఎందుకు చాలదో ఈ పాఠంలో ఒక చైమును పట్టుకుని చూద్దాం.

శ్రీకాకుళం నుంచి ఒక పాఠకుడు చిన్న రికార్డింగు పంపారు. అక్కడి ఒక సినిమా హాలులో విశ్రాంతి అయిపోయిందని చెప్పే ముందు ఇది మోగుతుందట. "మాస్టారూ, ఎక్కడో విన్నట్టే ఉంది, షాజామ్‌కి పెడితే ఏమీ రాలేదు" అని రాశారు. షాజామ్‌కి రాకపోవడంలో వింతేమీ లేదు. అది బాణీని గుర్తుపట్టదు, తన దగ్గరున్న ఫలానా రికార్డింగుతో మీ శబ్దం సరిపోతుందా అని చూస్తుంది. హాలులో మోగేది ఆంప్లిఫయరులోనో, చిన్న పెట్టెలోనో తయారైన శబ్దం. బాణీ పాతదే అయినా ఆ రికార్డింగు ఎవరి దగ్గరా ఉండదు.

వీణ, వయొలిన్ శ్రుతి చేసుకునేవాళ్లు వాడే ట్యూనర్ యాప్ ఏదైనా తీసుకోండి. హెర్ట్జ్‌లలో సంఖ్య చూపించేదై ఉండాలి. రికార్డింగును ఒక్కో స్వరం దగ్గర ఆపి చదివితే ఇలా వచ్చింది: 330, 415, 370, 494. కాస్త ఆగి మళ్లీ 330, 370, 415, 330. అక్షరాల్లో మొదటి నాలుగు *UDU, రెండో నాలుగు *UUD.

ఈ రెండో వరుస నాకు బాగా తెలిసినది. లండన్‌లో బిగ్ బెన్ ఉన్న స్తంభం మీద 1859 నుంచీ పావుగంటకొకసారి మోగే వెస్ట్‌మిన్‌స్టర్ గంటల బాణీలో ఇలాంటిది ఉంది. ఆ బాణీ అక్కడ పుట్టలేదు, 1793లో కేంబ్రిడ్జ్‌లో ఒక చర్చి గడియారం కోసం కట్టారు. గోడ గడియారాల్లోనూ ఇంటి కాలింగ్ బెల్లుల్లోనూ దాని నకళ్లు మనం వింటూనే ఉంటాం. అందులో ఉన్నవి నాలుగే స్వరాలు: స, చతుశ్రుతి రి, అంతర గ, మంద్ర స్థాయి ప. వాటిని ఐదు రకాలుగా తిప్పి ఐదు వరుసలు చేశారు.

ఒకటి: గ రి స ప – *DDD
రెండు: స గ రి ప – *UDD
మూడు: స రి గ స – *UUD
నాలుగు: గ స రి ప – *DUD
ఐదు: ప రి గ స – *UUD

పావుకు ఒకటో వరుస మోగుతుంది. అరకు రెండు, మూడు. ముప్పావుకు నాలుగు, ఐదు, ఒకటి. గంట పూర్తయితే రెండు నుంచి ఐదు వరకు నాలుగూ వరసగా వస్తాయి.

ఇప్పుడు మూడో వరుసనూ ఐదో వరుసనూ పక్కపక్కన పెట్టండి. రెండింటికీ అక్షరాలు ఒక్కటే. అందుకే మెట్లు లెక్కపెట్టాలి. హార్మోనియం మీద తెల్లవీ నల్లవీ కలిపి ఒక్కో మీట ఒక్కో మెట్టు. స నుంచి రి కి రెండు మెట్లు, మంద్ర ప నుంచి అదే రి కి ఏడు. అంటే మూడో వరుస +2 +2 -4, ఐదో వరుస +7 +2 -4. మనవాళ్ల రికార్డింగులో 330 నుంచి 370కి వెళ్లింది. హార్మోనియం మీద వాయించి చూస్తే రెండే మెట్లు. కాబట్టి అది మూడో వరుసే, సందేహం లేదు.

ఇక్కడ నా గట్టి సలహా ఒకటి. ముందు స్వరాల పేర్లు రాయకండి, మెట్లే రాయండి. చైములో వెనకాల తంబూర ఉండదు, షడ్జం ఏదో ఎవరూ చెప్పరు. ఆఖరి స్వరమే స అనుకోవడం మనకు అలవాటు. ఒకటో వరుసను అలా రాస్తే గ రి స ప కాస్తా ద ప మ స అయిపోతుంది. ఆ పేర్లతో వెతికితే ఎప్పటికీ దొరకదు. మెట్లు మాత్రం రెండు రాతల్లోనూ -2 -2 -5 గానే ఉంటాయి. విజయనగరం సంగీత కళాశాలలో చదువుకున్నవారికి స్వరం వినగానే పేరు నోటికి వచ్చేస్తుంది. ఈ పనిలో ఆ అలవాటును కాసేపు పక్కన పెట్టాలి.

ఇక మొదటి నాలుగు స్వరాలు. *UDU అనేది మన ఐదు వరుసల్లో ఎక్కడా లేదు. అయితే మొదటి మూడు స్వరాలు 330, 415, 370, అంటే స గ రి, రెండో వరుసతో సరిగ్గా సరిపోతున్నాయి. తేడా అంతా ఆఖరి 494 దగ్గరే. దాన్ని సగం చేస్తే 247, సరిగ్గా మనకు కావలసిన మంద్ర పంచమం. చిన్న స్పీకర్లు, కొమ్ము లౌడ్‌స్పీకర్లు లోతైన శబ్దాన్ని సరిగా పలికించలేవు. 247 దాదాపు వినబడకుండా పోయి, దానితో పాటు పుట్టే రెట్టింపు శబ్దం 494 గట్టిగా నిలుస్తుంది. యాప్ గట్టిగా ఉన్నదాన్నే చూపిస్తుంది. మన చెవి అలా కాదు, మిగిలిన పై శబ్దాల అమరికను బట్టి పోయిన కింది స్వరాన్ని తనే నింపుకుంటుంది. అందుకే యాప్ చదివాక ఒకసారి రికార్డింగుతో కలిసి పాడి చూడండి. ఆ చివరి స్వరానికి గొంతు తనంతట తానే కిందికి దిగితే, యాప్ సంఖ్యను సగం చేసి రాసుకోండి. అలా చేస్తే ఇది +4 -2 -7, అంటే రెండో వరుస. రెండూ మూడూ కలిసి వచ్చాయి కనుక ఆ హాలులో విశ్రాంతి చివర మోగేది వెస్ట్‌మిన్‌స్టర్ అరగంట బాణీ.

ఈ రెట్టింపు పొరపాటు ఐదో వరుసలో మరీ ప్రమాదం. మొదటి ప పై స్థాయిలో ఉన్నట్టు చదివితే *UUD కాస్తా *DUD అవుతుంది, అంటే అచ్చంగా నాలుగో వరుస అక్షరాలే. అప్పుడు తప్పు జరిగిందన్న అనుమానం కూడా రాదు. మెట్లు రాస్తే మాత్రం ఒకటి -5 +2 -4, ఇంకొకటి -4 +2 -7. తేడా వెంటనే బయటపడుతుంది.

ఒక హద్దు కూడా చెప్పాలి. స్టేషన్లలో ప్రకటనకు ముందు వచ్చే రెండు స్వరాల టింగ్-టాంగ్‌కు బాణీ పేరు వెతకకండి. పై నుంచి కిందికి రెండు స్వరాలు దిగడం ఎవరి సొంతమూ కాదు. విమానంలో సీటు బెల్టు దీపంతో వచ్చే ఒంటి మోత కూడా సంకేతమే తప్ప బాణీ కాదు. నా లెక్కలో నాలుగు స్వరాలైనా ఉంటేనే వెతకడం మొదలుపెట్టాలి.

అభ్యాసం: ఒక చైమును యాప్ ఇలా చదివింది – 440, 349, 392, 523. ఆఖరి స్వరం దగ్గర పాడేవారి గొంతు కిందికి దిగింది. మెట్లు రాసి, ఐదింటిలో ఏ వరుసో, ఆ వరుస తర్వాత గడియారం ఏ వరుస మోగిస్తుందో చెప్పండి. శ్రుతి మారింది కనుక పై సంఖ్యలతో పోల్చకండి, హార్మోనియం మీద వాయించి మెట్లే లెక్కపెట్టండి. జవాబు ఐదో పాఠం మొదట్లో ఇస్తాను.