స్కాన్ చేసిన అసైన్‌మెంట్ పీడీఎఫ్ ఎలా పంపాలి? ఎగ్జామ్ సెక్షన్ నోటీసు

ముందు రూల్స్. పేజీలన్నీ కలిపి ఒకే పీడీఎఫ్. ఏ4 సైజు, పేజీలు నిలువుగా ఉండాలి, పాస్‌వర్డ్ వద్దు. సైజు 5 ఎంబీ దాటకూడదు. ఫైలు పేరు మీ హాల్‌టికెట్ నంబరు, సబ్జెక్ట్ కోడ్, అసైన్‌మెంట్ నంబరు, ఇదే వరుసలో:

```
HTNO_SUBCODE_A2.pdf
```

ఫొటో పేరు చివర `.jpg` తీసేసి `.pdf` అని టైప్ చేస్తే అది పీడీఎఫ్ అయిపోదు. మా దగ్గర తెరుచుకోదు.

ఫోన్‌లో ఏదో ఒక స్కానర్ యాప్ చాలు. పగటిపూట కిటికీ దగ్గర, కాగితం మీద మీ చెయ్యి నీడ పడకుండా తీయండి. నీలం లేదా నలుపు బాల్‌పెన్‌తోనే రాయాలి. జెల్ పెన్ అయితే వెనకవైపు రాత కూడా స్కాన్‌లో తేలుతుంది.

ఇక అందరూ బోల్తా పడేది సైజు తగ్గించే దగ్గరే.

మొన్న ఒకరి పద్నాలుగు పేజీల అసైన్‌మెంట్ వచ్చింది. ఒక్కో ఫొటో మూడున్నర ఎంబీ, మొత్తం 49. అప్‌లోడ్ కాలేదని ఏదో వెబ్‌సైట్‌లో కుదించారు, ఇంకా ఎక్కువే ఉందని కుదించినదాన్నే మళ్లీ కుదించారు. ఫైలు ఒక ఎంబీకి దిగింది, రాత కూడా దిగిపోయింది. అక్షరాల చుట్టూ బూడిద మరకలు. xకి పైన ఉన్నది 2నా 3నా అని సార్ అడిగితే నేనేం చెప్పను? కుదించడమంటే చిన్న వివరాలను పారేయడమే. పారేసినవి మళ్లీ రావు, రెండోసారి కుదిస్తే మిగిలినవీ పోతాయి.

అందుకే సైజు స్కాన్ చేసేటప్పుడే తగ్గించాలి. యాప్‌లో కలర్ తీసేసి గ్రేస్కేల్ పెట్టండి, రిజల్యూషన్ 150 డీపీఐ చేయండి. అంటే ఏ4 పేజీ సుమారు 1240×1754 పిక్సెళ్లు. చేతిరాతకు అది సరిపోతుంది. పేజీకి 250 కేబీ వేసుకున్నా పద్నాలుగు పేజీలు మూడున్నర ఎంబీలో ముగుస్తాయి. 'బ్లాక్ అండ్ వైట్' ఫిల్టర్ ఇంకా చిన్న ఫైలు ఇస్తుంది కానీ వాడొద్దు, అది పెన్సిల్ గీతల్ని తెల్లకాగితంలో కలిపేస్తుంది. డయాగ్రమ్ మాయం, మార్కులూ మాయం. అప్పటికీ 5 దాటితే, కుదించిన కాపీని పక్కన పడేసి అసలు ఫొటోల నుంచే మళ్లీ మొదలుపెట్టండి.

జిరాక్స్ షాపులో చేయిస్తామంటారు కొందరు. అక్కడ చాలాసార్లు 300 డీపీఐ కలర్‌లో చేసి ఇస్తారు, ఇంటికొచ్చాక మీరు మళ్లీ కుదించాల్సిందే. వాట్సాప్‌లో తెప్పించుకుంటే డాక్యుమెంట్‌గా పంపమనండి. ఫొటోగా వస్తే అదే దారిలో కుదించేస్తుంది.

పంపేముందు గ్యాలరీలో కాదు, పీడీఎఫ్‌నే తెరవండి. మీ రాతలో అన్నిటికంటే చిన్న గుర్తు, దశాంశ బిందువో మైనస్సో, ఎక్కడుందో వెతికి పెద్దది చేసి చూడండి. మీకు కనబడకపోతే సార్‌కీ కనబడదు. ఆఖరి పేజీ దాకా జరిపి, కాగితాలు లెక్కపెట్టి, పేజీల సంఖ్యతో సరిచూసి అప్పుడు అప్‌లోడ్ చేయండి.