తెల్ల కప్పు పాఠాలు – 3: బోరు నీళ్ల ఇంట్లో చాయ్ మరక

తడి వేలికి వంట సోడా అద్దుకుని పైపైన పట్టిన మరకను రుద్దడం రెండో పాఠంలో చూశాం. ఆ పని చేశాక కూడా అంచు కింద గోధుమరంగు వలయం మిగిలిపోయిన కప్పు ఒకటి ఈ పాఠానికి తీసుకోండి. హైదరాబాద్‌లో బోరు నీళ్లు వాడే ఇళ్లలో అలాంటి కప్పు దొరకడం కష్టమేమీ కాదు.

ముందు ఆ వలయం మీద గోరు గీసి చూడండి. గాజు మీద గీసినట్టు నున్నగా జారిపోతే అది ఒట్టి చాయ్ మరక. సన్నటి ఇసుక తగిలినట్టు గరగరలాడితే మరకలో సున్నం కూడా కలిసి ఉంది. ఇవాళ్టి పాఠమంతా ఈ రెండో రకం గురించే.

సున్నం ఎలా చేరుతుందో తెలిస్తే తీసే పద్ధతి సులువుగా అర్థమవుతుంది. ఒక గ్లాసులో మరిగించిన బోరు నీళ్లు, ఇంకో గ్లాసులో మరిగించిన ఆర్ఓ ఫిల్టరు నీళ్లు పోసి, రెండింట్లోనూ ఒక్కో టీ బ్యాగు వేసి పావుగంట కదపకుండా ఉంచండి. బోరు నీళ్ల గ్లాసులో పైన పలుచటి తెట్టు కడుతుంది. వెలుగుకు వంచి చూస్తే పగుళ్లిచ్చిన పొరలా మెరుస్తుంది. నీళ్లలో సున్నానికి మూలమైన కాల్షియం, చాయ్‌కి వగరునిచ్చే టానిన్లు గాలి తగిలి ముడిపడితే ఏర్పడే పొర అది. రెండో గ్లాసులో తెట్టు దాదాపు ఉండదు. బోరు నీళ్ల గ్లాసులోనే నాలుగు చుక్కల నిమ్మరసం ముందుగా పిండి ఉంటే అక్కడా తెట్టు కట్టేది కాదు, ఎందుకంటే పులుపు కాల్షియాన్ని పట్టి ఉంచుతుంది. కప్పులో చాయ్ తగ్గేకొద్దీ ఈ తెట్టే గోడకు అంటుకుని ఎండిపోతుంది. మరక అడుగున కంటే అంచు దగ్గర ముదురుగా కనిపించేది అందుకే.

అంటే మరకలో రెండు పదార్థాలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. సున్నాన్ని కరిగించేది పులుపు. రంగును విరగ్గొట్టేది ఆక్సిజన్. పులుపు ముందు, ఆక్సిజన్ తర్వాత: ఈ వరస మార్చకండి. పైన సున్నం ఉన్నంతసేపూ ఆక్సిజన్ లోపలి రంగును సరిగా చేరలేదు.

కావలసినవి రెండే. ఒకటి కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు. రెండోది సోడియం పర్‌కార్బొనేట్, అంటే బట్టల మరకలకు వాడే ఆక్సిజన్ బ్లీచ్ పొడి. సువాసన, రంగు కలపనిది తీసుకోండి. పొడి పాతబడితే, చెమ్మ తగిలితే ఊరికే చచ్చిపోతుంది. చిటికెడు తీసి వేడి నీళ్లలో వేస్తే సన్నటి బుడగలు ఆగకుండా రావాలి. రాకపోతే ఆ పొడిలో ఇక బట్టల సోడా మాత్రమే మిగిలిందని లెక్క.

ఇక 250 మిల్లీలీటర్ల తెల్ల మగ్గు ఒకటి తీసుకుందాం. ఏడాదిగా రోజుకు రెండుసార్లు బోరు నీళ్లతో కాచిన బ్లాక్ టీ పోసింది. అడుగున లేత గోధుమరంగు, అంచుకు వేలెడు కింద గరుకైన ముదురు వలయం. పాలు పోసిన చాయ్ అయితే మరక ఇంత ముదరదు, పాలలోని కేసీన్ అనే ప్రోటీన్ టానిన్లను కొంత పట్టేసుకుంటుంది కాబట్టి.

మగ్గును మామూలు సబ్బుతో కడగండి. కాఫీ కప్పు అయితే ఈ కడగడం వేడి నీళ్లతో, రెండుసార్లు చేయండి. కాఫీ నూనె పొర మిగిలితే తర్వాత పోసేవి మరకను తాకవు. ఇప్పుడు మరిగిన నీళ్లు సగం, మామూలు నీళ్లు సగం కలిపితే సుమారు 60 డిగ్రీల వేడి వస్తుంది. అంతకు మించి వేడి అక్కర్లేదు. చల్లటి కప్పులో సలసల మరిగే నీళ్లు పోస్తే గ్లేజు మీద, అంటే కప్పు పైనుండే గాజులాంటి పూత మీద, వెంట్రుకవాసి పగుళ్లు రావచ్చు. మగ్గులో ఒక చెంచా నిమ్మ ఉప్పు వేసి ఈ నీళ్లు అంచుదాకా నింపండి. చాలామంది చాయ్ పోసే మట్టం వరకే నింపుతారు, దాంతో అసలు వలయం నీళ్ల పైనే ఉండిపోతుంది.

20 నిమిషాల తర్వాత పారబోసి గోరు గీయండి. గరుకు పోయి ఉండాలి. ఇంకా ఉంటే ఇంకోసారి పోయండి. ఈ దశలో మరక బాగా లేతబడి కనిపిస్తుంది. చూసి పని అయిపోయిందనుకోకండి. చాయ్ రంగు పులుపులో లేతబడుతుంది, క్షారంలో ముదురుతుంది. నిమ్మరసం పిండగానే చాయ్ రంగు తగ్గడం ఇదే. రంగు అక్కడే ఉంది, లేతబడింది అంతే.

మగ్గును బాగా కడిగేశాక రెండో విడత. ఒక చెంచా పర్‌కార్బొనేట్ వేసి, అంతే వేడి ఉన్న నీళ్లు మళ్లీ అంచుదాకా. ఇక్కడ మాత్రం ఫిల్టరు నీళ్లే వాడండి. ఈ పొడి కరిగితే కార్బొనేట్ వస్తుంది. బోరు నీళ్లలోని కాల్షియంతో అది కలిసి తెల్లటి బూడిదలాంటి పొరగా కప్పుకు పడుతుంది. మరక పోయింది కానీ కప్పు మసకబారిందంటే కారణం అదే. అలా అయితే పలుచటి నిమ్మ ఉప్పు నీళ్లతో ఒకసారి తొలిస్తే పోతుంది. ఆర్ఓ నుంచి వదిలే వృథా నీళ్లను పట్టి గిన్నెలు తోమే ఇళ్లు మన దగ్గర చాలా ఉన్నాయి. నీళ్లు ఆదా చేయడం మంచిదే, కానీ వాటిలో లవణాలు చిక్కబడి ఉంటాయి, తెల్ల కప్పులకు మాత్రం వాడకండి.

పొడి వేసిన మొదటి నిమిషాల్లో నీళ్లు గోధుమరంగుకు తిరుగుతాయి, మరక కాస్త ముదిరినట్టు కూడా ఉంటుంది. క్షారం తగిలినందువల్ల అలా అవుతుంది, భయపడక్కర్లేదు. అరగంటలో తేటపడుతుంది. గంట ఆగి, మెత్తటి స్పాంజితో తుడిచి, మూడుసార్లు కడగండి. చేతులకు గ్లౌజులు వేసుకోండి. కలిపిన నీళ్లను బిగుతు మూత సీసాలో దాచకండి, పుట్టే వాయువుకు సీసా పగలొచ్చు. బంగారు అంచు కప్పుకు, గ్లేజు పైన రంగు బొమ్మలున్న కప్పుకు ఈ రెండు నానబెట్టడాలూ వద్దు.

నిమ్మ ఉప్పు, పర్‌కార్బొనేట్ రెండూ కలిపేస్తే సమయం కలిసొస్తుంది కదా అనుకోవచ్చు. పులుపు, క్షారం కలిస్తే బుసబుస పొంగుతాయి, ఒకదాన్నొకటి తినేస్తాయి, చివరికి మిగిలేది దాదాపు ఉప్పునీరే. వంట సోడాలో వెనిగర్ పోసే చిట్కా చూడటానికి బాగుండి పనికి రానిది ఇందుకే. క్లోరిన్ బ్లీచ్ అయితే వృథాతో పోదు: దాంట్లో నిమ్మ ఉప్పు పడితే విషవాయువు పుడుతుంది. ఈ పనిలో ఆ సీసానే తీయకండి. బాత్రూం యాసిడ్ కూడా కప్పు దగ్గరికి రాకూడదు.

ఆరిన మగ్గును కిటికీ దగ్గర వంచి చూడండి. మన మగ్గులో వలయం, అడుగు రంగు రెండూ పోయాయి. ఇంకా మూడు రకాల గుర్తులు మిగలొచ్చు. బూడిదరంగు గీతలు చాయ్‌వి కావు, స్టీలు చెంచా గ్లేజుకు రాసి వదిలిన లోహం. మెరుపు లేని మచ్చ స్టీలు పీచు గీసిన చోటు. అక్కడ తెల్లబడినా వారంలో మరక మళ్లీ పడుతుంది. సాలెగూడులాంటి సన్నటి గోధుమ గీతలైతే, మరక గ్లేజు పగుళ్లగుండా కింది మట్టిలోకి దిగింది. గీతలున్న కప్పును కడిగి రెండు రోజులు ఎండలో ఆరబెట్టి పక్కన పెట్టండి, నాలుగో పాఠంలో దాన్నే తీసుకుంటాం.