యాడ్ చూసి షాపుకు వచ్చిందెవరు? బిల్లుబుక్కుతో తేల్చుకోవడం ఎలా

తిరుపతిలో మా తోడల్లుడికి చిన్న కళ్ళద్దాల షాపు ఉంది. గూగుల్ యాడ్‌కు నెలకు 6,000 పెడతాడు. "అన్నా, పోయిన్నెల 64 కాల్స్ వచ్చినాయి" అన్నాడు. గల్లాపెట్టెలో ఆ తేడా కనిపించిందా అంటే, "అదే తెలియడం లేదన్నా" అన్నాడు. ఇద్దరం కూర్చుని లెక్క తీశాం. బిల్లు మీద ఫోన్ నంబరు రాసుకునే ఏ షాపుకైనా ఈ పద్ధతి పనికొస్తుంది.

గూగుల్‌లో "Store visits" అని ఒక లెక్క ఉంది కదా అనుకోవచ్చు. అది తలలు లెక్కపెట్టి ఇచ్చేది కాదు. తమ లొకేషన్‌ను గూగుల్‌తో పంచుకునేవాళ్ళ కదలికలను బట్టి వేసే అంచనా. తగినంత డేటా లేని ఖాతాకు అది కనిపించదు. ఒక్క షాపు ఉన్నవాళ్ళు దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

యాడ్‌కు వేరే సిమ్ పెట్టండి. ఆ నంబరు యాడ్‌లోనూ, యాడ్ నొక్కితే తెరుచుకునే పేజీలోనూ మాత్రమే ఉండాలి. పేజీలో ఎందుకంటే, నంబరు మీదేనని గూగుల్ సరిచూసుకుంటుంది. బోర్డు మీద, విజిటింగ్ కార్డు మీద, మ్యాప్స్‌లో పాత నంబరే ఉంచండి. మావాడు మొదట్లో ఉత్సాహం కొద్దీ కొత్త నంబరును వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాడు. పాత కస్టమర్లు దానికే ఫోన్ చేశారు. ఆ వారం లెక్క గంగలో కలిసింది.

నెలాఖరుకు ఫోన్లోని కాల్ లిస్టు షీట్‌లోకి ఎక్కించండి. మాకు తేలిందిది: యాడ్ స్క్రీన్ మీద 64, ఫోన్లో 41. స్క్రీన్ చూపించింది కాల్ బటన్ నొక్కిన లెక్క. నొక్కినవాళ్ళంతా డయల్ చేయరు. ఆ 41లో ఒకే మనిషి రెండుమూడు సార్లు చేసినవి తీసేస్తే మిగిలింది 29 నంబర్లు. అందులో ఆరు మిస్డ్ కాల్స్, అన్నీ మధ్యాహ్నం మావాడు భోజనానికి వెళ్ళినప్పుడు వచ్చినవే. తిరిగి చేసిన పాపాన పోలేదు. యాడ్ తన పని చేసినా ఆ ఆరుగురినీ పోగొట్టుకున్నది షాపే.

ఇప్పుడు బిల్లులతో కలపండి. Calls షీట్‌లో A వరుస నంబరు, B వరుస తేదీ. బిల్లుల షీట్‌లో B నంబరు, C తేదీ. నంబర్లన్నీ +91 లేకుండా పది అంకెల్లోనే ఉండాలి. బిల్లుల షీట్‌లో మొదటి బిల్లు పక్కన ఖాళీ గడిలో ఈ ఫార్ములా వేసి కిందికి లాగండి.

```
=COUNTIFS(Calls!A:A,B2,Calls!B:B,"<="&C2)
```

సున్నా కంటే ఎక్కువ వస్తే, ఆ మనిషి బిల్లుకు ముందో అదే రోజో ఫోన్ చేశాడన్నమాట. మాకు తొమ్మిది బిల్లులు కలిశాయి. పాత బిల్లుబుక్కులు తిరగేస్తే వాళ్ళలో నలుగురు ముందు నుంచీ మా కస్టమర్లే. యాడ్ లేకపోయినా వచ్చేవాళ్ళు. "Search terms" పేజీలో చూస్తే సంగతి అర్థమైంది: చాలామంది షాపు పేరే టైప్ చేసి వెతికారు. మన ఇంటికి వచ్చే చుట్టానికి మనమే ఆటో చార్జీ ఇచ్చినట్టు! షాపు పేరుతో వెతికితే యాడ్ రాకుండా, దాన్ని నెగెటివ్ కీవర్డ్‌గా పెట్టేశాం.

ఇక ఫోన్ చేయకుండా నేరుగా వచ్చేవాళ్ళు, భర్త ఫోన్లోంచి అడిగి భార్య నంబరుతో బిల్లు చేయించుకునేవాళ్ళు ఈ లెక్కలోకి రారు. వాళ్ళను కౌంటర్ దగ్గరే అడగాలి. "మా షాపు గురించి ఎలా తెలిసింది?" అంటే అందరూ "గూగుల్లో" అనేస్తారు. "ఫోన్లో ఏమని వెతికారమ్మా?" అని అడగండి. పేరు పెట్టి వెతికామంటే వదిలేయండి. "దగ్గర్లో కళ్ళద్దాల షాపు అని కొట్టాను" అంటే బిల్లు మూలన టిక్కు పెట్టండి. అలా ముగ్గురు తేలారు. మొత్తం ఎనిమిది మంది కొత్తవాళ్ళు, తలకు 750 ఖర్చు. అద్దాల జత మీద మావాడికి సుమారు 900 మిగులుతుంది.

ఈ ఎనిమిది మందీ యాడ్ వల్లే వచ్చారా? మ్యాప్స్‌లో కనిపించినా వచ్చేవాళ్ళేమో. అందుకని నాలుగు వారాలు యాడ్ ఆపి చూశాం. యాడ్ ఉన్నప్పుడు కొత్త కస్టమర్ల బిల్లులు 46, ఆపినప్పుడు 39. మావాడు ఎగిరి గంతేశాడు గానీ తొందరపడొద్దన్నాను. రెండూ కలిపితే 85, దాని వర్గమూలం సుమారు 9. తేడా కనీసం దీనికి రెట్టింపు, అంటే 18 ఉంటే తప్ప నమ్మలేం. ఏడు కాకతాళీయంగానూ వస్తుంది. పైగా బ్రహ్మోత్సవాల వారం ఒకవైపే పడితే లెక్క పనికిరాదు.

అందుకే ఇప్పుడు ఊళ్ళ వారీగా చూస్తున్నాం. ఈ నెల యాడ్ రేణిగుంట వైపు మాత్రమే, చంద్రగిరి వైపు ఆపేశాం. వచ్చే నెల తారుమారు చేస్తాం. బిల్లు మీద ఊరి పేరు రాయడం తప్పనిసరి చేశాం. లొకేషన్ సెట్టింగులో "Presence" ఎంచుకోవడం మరవద్దు. మామూలుగా ఉండే సెట్టింగును అలాగే వదిలేస్తే, దర్శనానికి రావాలనుకుంటూ హైదరాబాద్‌లో కూర్చుని తిరుపతి గురించి వెతికేవాళ్ళకు కూడా యాడ్ కనిపిస్తుంది, డబ్బులు మనకే పడతాయి.