పైపుల మీద నీటి బలాలు, 7వ పాఠం: సన్నబడే బెండు, దాన్ని పట్టుకున్న బోల్టులు

పోయిన పాఠంలో 300 మి.మీ. నుంచి 200 మి.మీ.కి సన్నబడే తిన్నని రెడ్యూసర్ ఇచ్చాను. సెకనుకు 0.15 ఘనపు మీటర్ల నీరు, నీరు వచ్చే లోపలి మూతి దగ్గర గేజి పీడనం 300 కిలోపాస్కల్స్. పైపు మీద పడే బలం ఎంత అన్నది ప్రశ్న. జవాబు 11.67 కిలోన్యూటన్లు. చాలామంది 12.47 రాశారు. తేడా కొంచెమే అని వదిలేస్తే బెండు దగ్గర దిశే తప్పుతుంది. కాబట్టి ముందు అది తేల్చుకుందాం.

రెండు మూతుల పీడన బలాల తేడా 12.07. ఇది నీటిని ముందుకు తోస్తుంది. అందులో 0.40 నీటి వేగం పెంచడానికే ఖర్చయిపోతుంది. మిగిలిన 11.67 మాత్రమే పైపు మీద పడుతుంది. 12.47 వచ్చినవాళ్లు ఖర్చయిన దాన్ని తీసేయకుండా కలిపారు. నీటి మీద పడే బలం వేరు, పైపు మీద పడే బలం వేరు. బోల్టుకు కావలసింది రెండోదే.

గుర్తుల గొడవ లేకుండా నేను ఇలా చేస్తాను. ప్రతి మూతి దగ్గరా పీడనాన్నీ ద్రవ్యవేగాన్నీ కలిపి ఒకే తోపుగా కట్టేస్తాను:

```
T = pA + ρQV
```

రెండు మూతుల దగ్గరా ఈ తోపు బయటి నుంచి బెండు లోపలికే చూపిస్తుంది. లోపలి మూతి దగ్గర అది నీరు పోయే దిశలో ఉంటుంది. బయటి మూతి దగ్గర నీటికి ఎదురు దిశలో ఉంటుంది. ఇక్కడే అందరూ తడబడతారు: నీరు బయటికి పోతోంది కదా, ρQV కూడా బయటికే అని గీసేస్తారు. నీరు బయటికి పోతూ పైపును వెనక్కి తంతుంది, అగ్నిమాపక గొట్టం పట్టుకున్నవాడిని తన్నినట్టే. అందుకని pA, ρQV ఒక మూతి దగ్గర ఎప్పుడూ ఒకే వైపు ఉంటాయి, ఎప్పుడూ కూడికే. బెండు ఎంత తిరిగినా ఇది మారదు.

ఇప్పుడు లెక్క. నాగావళి ఒడ్డున ఒక ఎత్తిపోతల పంపుహౌస్‌లో, అదే కొలతలతో, నేలకు సమాంతరంగా 90 డిగ్రీలు ఎడమకు తిరిగే బెండు ఉందనుకోండి. వేగాలు సెకనుకు 2.12, 4.77 మీటర్లు. నష్టాలు వదిలేస్తే బయటి పీడనం 290.9 కిలోపాస్కల్స్.

```
T1 = 21.21 + 0.32 = 21.53 kN   (ముందుకు)
T2 =  9.14 + 0.72 =  9.86 kN   (కుడికి)
```

మొత్తం 23.7 కిలోన్యూటన్లు, ముందుకీ కుడికీ మధ్య, ముందు దిశ నుంచి 24.6 డిగ్రీలు. గేజి పీడనమే వాడండి. పరమ పీడనం వేస్తే T1 28.7 అయిపోతుంది. బెండు బయటి గోడల మీద గాలి అదే పీడనంతో నొక్కుతోందని మరిచినట్టే.

బయటి మూతికి మెకానికల్ కప్లింగ్ ఉంటే అది పైపు పొడవు వెంట వచ్చే లాగుడును పట్టదు. కాంక్రీటు దిమ్మ కూడా లేకపోతే, మొత్తం లోపలి ఫ్లాంజి మీదే పడుతుంది. పీఎన్10 ఫ్లాంజికి 12 బోల్టులు, ఎం20 సైజు, 400 మి.మీ. వలయం మీద. 21.53ను 12తో భాగిస్తే బోల్టుకు 1.79. చాలామంది లెక్క ఇక్కడే ఆపేస్తారు.

బయటి మూతి అక్షం ఫ్లాంజి నుంచి 0.45 మీటర్ల దూరంలో ఉంటే, T2 అక్కడ పక్కకు తోస్తూ 4.44 కిలోన్యూటన్-మీటర్ల వంపు మొమెంటు తెస్తుంది.

```
2M/(nr) = 2×4.44/(12×0.2) = 3.70 kN
```

దూరపు బోల్టు మీద మొత్తం 5.49. సగటుకు మూడింతలు! ఏ వైపు బోల్టు? బెండు కుడికి తోయబడితే ఫ్లాంజి ఎడమ పక్క తెరుచుకోవాలని చూస్తుంది. అంటే మలుపు లోపలి వైపు. గాస్కెట్ దగ్గర నీరు చిమ్మడం ఎడమ పక్కనే మొదలైతే ఈ వంపు మొమెంటునే అనుమానించండి.

ఎం20 బోల్టులో 5.49 తెచ్చే ఒత్తిడి చదరపు మి.మీ.కు 22 న్యూటన్లే. బోల్టు తెగదు. బిగింపు చాలకే గాస్కెట్ వదులవుతుంది. కారే పక్క బోల్టులనే బిగిస్తే ఎదురు పక్క గాస్కెట్ వదులవుతుంది. ఎదురెదురు బోల్టులను జతలుగా, రెండు మూడు విడతల్లో బిగించాలి.

అభ్యాసం: బయటి మూతి తర్వాత వాల్వు మూసి, ఇదే బెండును 450 కిలోపాస్కల్స్ వద్ద పరీక్షిస్తున్నారు. నీరు కదలదు కాబట్టి ρQV సున్నా. దూరపు బోల్టు మీద 7.95 రావాలి, అంటే నీరు పారేటప్పటికన్నా ఎక్కువ. తర్వాత పారే నీటితోనే 60 డిగ్రీల మలుపుకు మొత్తం బలం కట్టండి. 18.7 రాకపోతే T2 బాణాన్ని మళ్లీ గీయండి.