"ఏం చేస్తుంటారండీ?" అన్నాక మాట ఆగిపోతోందా: పెళ్ళి కుర్చీల్లో పక్కవాళ్ళతో మాట కలపడం

మా వైపు పెళ్ళిళ్ళకి ముహూర్తాలు చాలావరకు రాత్రిళ్ళే. ఎనిమిదిన్నరకల్లా భోజనం అయిపోతుంది, జీలకర్ర బెల్లం పెట్టేసరికి పన్నెండు దాటుతుంది. మధ్యలో ఆ మూడు నాలుగు గంటలు ప్లాస్టిక్ కుర్చీలో, ఎవరో తెలియని మనిషి పక్కన కూర్చోవాలి. నాది నరసాపురం. అటు భీమవరం నుంచి ఇటు రాజోలు దాకా చుట్టాలున్నారు కాబట్టి ఏడాదికి పది పదిహేను సార్లు ఆ కుర్చీల్లో కూర్చుంటాను. మాట ఎక్కడ తెగుతుందో, దాన్ని మళ్ళీ ఎలా అతుక్కోవాలో అక్కడే నేర్చుకున్నాను.

సమస్య: "ఏం చేస్తుంటారండీ?" అన్నారు. ఒక్క మాటలో జవాబు వచ్చింది. ఆ తర్వాత ఏమీ లేదు.

గుర్తుపట్టడం తేలిక. "చెరువులండి", "రిటైరయ్యానండి", "ఏం లేదండి, ఇంట్లోనే" అంటారు. అని మండపం వైపో ఫోను వైపో చూస్తారు.

కారణం ఏంటంటే, ఆ ప్రశ్న అడిగేది మనిషి మీద అంటించడానికి ఒక చీటీ. చీటీ చేతిలో పెట్టాక అవతలివారి పని అయిపోయింది. పైగా అది మనిషిని తూకం వేసే ప్రశ్న. ఉద్యోగం గొప్పదైతే చెప్పుకోవడానికి మొహమాటం, చిన్నదైతే చెప్పడానికే ఇబ్బంది. పని పోయినవారికి, గల్ఫ్ నుంచి తిరిగొచ్చి ఖాళీగా ఉన్నవారికి, ఇంటి పని తప్ప వేరే పని లేదని జనం అనుకునే ఆడవాళ్ళకి ఆ ప్రశ్న ఎక్కడ తగులుతుందో వేరే చెప్పక్కర్లేదు.

మూడేళ్ళ క్రితం ఒక పెళ్ళిలో నేనే ఆ తప్పు చేశాను. పక్కన యాభై ఏళ్ళాయన. అడిగాను. "చెరువులండి" అన్నారు. చెరువులంటే మా వైపు రొయ్యల, చేపల చెరువులే. డెల్టాలో ఆ మాటకి చాలా అర్థాలున్నాయి. వంద ఎకరాల ఆసామీ అదే అంటాడు, రెండెకరాలు లీజుకి తీసుకున్నవాడూ అదే అంటాడు, రాత్రి కాపలా కాసేవాడూ అదే అంటాడు. నేను ఊరుకోకుండా "ఈసారి కౌంట్ ఎంత వచ్చిందండీ?" అన్నాను. కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క. ఆ అంకె ఎంత పెద్దదైతే రొయ్య అంత చిన్నది, రేటు అంత తక్కువ. ఆయన "ఆయ్, ఏదోనండి" అని లేచి మంచినీళ్ళకి వెళ్ళారు, మళ్ళీ ఆ కుర్చీలోకి రాలేదు. తర్వాత తెలిసింది, వారం క్రితమే రొయ్యలకి వైట్ స్పాట్ జబ్బు తగిలి, రొయ్య ఎదగకుండానే చెరువు పట్టేశారట. మర్చిపోదామని పెళ్ళికొచ్చిన మనిషికి నేను చెరువునే గుర్తు చేశాను.

పరిష్కారం: ఆ మనిషి జీవితం గురించి కాకుండా, మీ ఇద్దరి ముందూ ఉన్నదాని గురించి అడగండి. పెళ్ళిలో అన్నిటికంటే సులువైనది "పెళ్ళివారు మీకేమవుతారండీ?" ఏ హోదావాళ్ళైనా దీనికి జవాబు చెప్పగలరు, ఎవరికీ చిన్నతనం లేదు. "పెళ్ళికొడుకు మా అక్క మనవడండి" అన్నారనుకోండి, రెండో ప్రశ్న మీ చేతిలోకి వచ్చినట్టే: "అయితే చిన్నప్పటి నుంచీ చూశారన్నమాట. చిన్నప్పుడూ ఇంత బుద్ధిమంతుడేనా?" ఇక్కడ నవ్వనివారిని నేనింతవరకు చూడలేదు.

సమస్య: ప్రశ్న మార్చాను. అయినా "బానే ఉందండి" అని ఊరుకున్నారు.

ఏం అడిగారో చూడండి. "ప్రయాణం బాగా జరిగిందా?", "భోజనం అయ్యిందా?" లాంటివి అయ్యుంటాయి. ఇవి మన దగ్గర ప్రశ్నలు కావు, పలకరింపులు. పలకరింపుకి పలకరింపే తిరిగొస్తుంది. అందులో మర్యాద లోపం ఏమీ లేదు, పని మాత్రం జరగదు. అవును-కాదుతో సరిపోయే ప్రశ్నకి అవును-కాదే వస్తుంది.

దానికి బదులు దారి అడగండి. మా ప్రాంతంలో ఇది బాగా పనిచేయడానికి కారణం గోదావరే. పాయలుగా చీలిన నది మధ్య ఊళ్ళు కాబట్టి చాలా ఊళ్ళకి వెళ్ళాలంటే ఏదో ఒక పాయ దాటాలి, ఏ దారిన దాటాలన్నది ఎంచుకోవాలి. అక్కడే కథ పుడుతుంది. కిందటేడు నరసాపురంలో ఒక పెళ్ళిలో జరిగింది గుర్తున్నంతవరకు రాస్తున్నాను. పక్కాయన గోదారి అవతలి ఒడ్డున సఖినేటిపల్లి వైపు నుంచి వచ్చారని అంతకుముందు ఎవరితోనో అంటుంటే విన్నాను. అక్కడి నుంచి దాటాలంటే మనుషుల్నీ బండ్లనీ ఎక్కించుకునే పెద్ద పడవ, పంటు ఉంటుంది.

"పంటెక్కి వచ్చారా అండీ, చించినాడ వంతెన మీదుగా తిరిగొచ్చారా?"

"పంటేనండి. రేవులో అరగంట ఆగాల్సొచ్చింది. మా అమ్మని తీసుకొచ్చాం, ఆవిడకి పంటంటే భయం."

ఈ జవాబులో పట్టుకోవడానికి రెండు కొసలున్నాయి: అరగంట ఆలస్యం, అమ్మ భయం. మొదటిది పట్టుకుంటే ట్రాఫిక్ గురించి, ఆ రేవు దగ్గర ఇంకా కట్టని వంతెన గురించి రెండు నిమిషాలు మాట్లాడి ఆగిపోతాం. సమాచారం కంటే మనిషి ఉన్న కొసే పట్టుకోవాలి.

"గోదారి ఒడ్డున ఉండి అమ్మగారికి పంటంటే భయమేంటండీ?"

"ఆవిడ పుట్టిల్లు తణుకండి. కాలువలే తప్ప గోదారి ఎరగదు. పెళ్ళయి మా ఊరొచ్చిన రోజే మొదటిసారి నావెక్కిందంట. వర్షం, గాలి. ఆ రోజు మా నాన్న చెయ్యి పట్టుకున్నానని ఇప్పటికీ చెబుతుంది, అప్పటికి ఇద్దరూ సరిగ్గా మాట్లాడుకున్నది కూడా లేదట."

అక్కడి నుంచి నేను పెద్దగా ఏమీ అడగలేదు. పావుగంట తర్వాత ఆయనే చెప్పారు, కొబ్బరి వ్యాపారమని, వారానికి రెండుసార్లు అంబాజీపేట మార్కెట్‌కి వెళ్తారని, చెట్లెక్కి కాయలు దింపు తీసేవాళ్ళు దొరకడం కష్టమైపోయిందని. నేను అడగని ప్రశ్నకి అడిగినదానికంటే పెద్ద జవాబు వచ్చింది.

జవాబులోంచి పుట్టే ఈ రెండో ప్రశ్నే అసలు పనిముట్టు. మొదటి ప్రశ్న మామూలుగా ఉన్నా పర్వాలేదు. 2017లో అచ్చయిన హార్వర్డ్ పరిశోధకుల అధ్యయనం ఒకటి ఉంది. తెలియని ఇద్దరి చేత పావుగంటసేపు ఆన్‌లైన్‌లో మాట్లాడించారు. కొందరిని కనీసం 9 ప్రశ్నలు అడగమన్నారు, కొందరిని 4కు మించవద్దన్నారు. ఎక్కువ అడిగినవారే అవతలివారికి ఎక్కువ నచ్చారు. ఆ ప్రశ్నలను విడదీసి చూస్తే, నచ్చడానికి ముఖ్యంగా కారణమైనవి చెప్పినదాన్ని పట్టుకుని అడిగినవే. విన్నట్టు రుజువు అదే కదా.

సమస్య: మాట సాగింది, కానీ అవతలివారికి టెన్షన్ మొదలైంది.

జవాబులు మెల్లగా పొట్టివవుతాయి. "ఎందుకండీ?" అని ఎదురు వస్తే పూర్తిగా చెడినట్టే. పైన చెప్పిన అధ్యయనం చదివి ప్రశ్నలు గుప్పించేవాళ్ళకి ఇది తప్పదు. మనవైపు నుంచి ఏమీ పెట్టకుండా అడుగుతూ పోతే పెళ్ళిచూపులకొచ్చిన పెద్దమనిషిలా ఉంటాం.

రెండు అడిగితే ఒకటి చెప్పండి, చిన్నదే. పంటు విషయంలో నేను "నాకైతే పంటు కాదండి, దాని మీదకి బండి ఎక్కించేటప్పుడు ఆ చెక్క చప్పుడంటే ఇప్పటికీ గుండె దడ" అన్నాను. అలా చెబితే వాళ్ళు అడగడానికి కూడా చోటు దొరుకుతుంది. కాకపోతే అదే అదనుగా మన కథ మొదలెట్టి పది నిమిషాలు లాగకూడదు. మా మేనమామకి ఈ జబ్బుంది, ఆయన "నాకూ అంతే" అన్నారంటే పక్కవాళ్ళు కుర్చీ మార్చుకుంటారు.

సమస్య: "ఏ ఊరండి?" తో మొదలై "ఇంటిపేరు?" దగ్గర తేలింది.

మన జిల్లాల్లో ఏ ఊరని అడగడం తప్పు కాదు, అడక్కపోతేనే వింత. కానీ ఊరు, ఆ తర్వాత వీధి, ఆ తర్వాత ఇంటిపేరు, ఇది ఎక్కడికి వెళ్ళే దారో అందరికీ తెలుసు. కులం తెలిశాక గొంతు మారడం ఒకసారి అనుభవించినవాళ్ళు "ఏ ఊరండి" అనగానే జాగ్రత్తపడిపోతారు. మీ ఉద్దేశం అది కాకపోయినా వాళ్ళకెలా తెలుస్తుంది?

అందుకే ఊరు చెప్పగానే ఊళ్ళోని వస్తువు మీదకో పని మీదకో మళ్ళించండి. ఆత్రేయపురం అంటే "పూతరేకు రేకు కుండ మీద తీయడం దగ్గర్నుంచి చూశారా అండీ?" అనండి. కడియం అంటే "నర్సరీల మధ్య ఉంటే ఇంట్లో మొక్కలు కొనక్కర్లేదేమో?" అనొచ్చు. అలా అడిగితే మీ దృష్టి ఊరి మీద ఉందని వాళ్ళకి అర్థమవుతుంది. ఎదుటివారే మిమ్మల్ని ఇంటిపేరు అడిగితే, పెద్దవారికి చెప్పనని మొహం మీద అనడం మా దగ్గర కుదరదు. చెప్పడం ఇష్టంలేకపోతే నన్ను పిలిచే పేరే చెప్పి ఆగకుండా "మాది నరసాపురమండి, మా అమ్మ ఇప్పటికీ లేసు అల్లుతుంది" అంటాను. పదిమందిలో ఏడుగురు లేసు వైపు వచ్చేస్తారు. మిగతా ముగ్గురికి మందు లేదు.

"పిల్లలెంతమంది?", "ఇంకా పెళ్ళి కాలేదా?" అన్నవీ ఈ జాతివే. అసలు అడగొద్దు, ఆ సంగతులు వాళ్ళే చెబితే వినండి.

సమస్య: ఏం అడిగినా పని చేయడం లేదు.

ముందు వేళ చూసుకోండి. బంతిలో వేడి అన్నం మీద పప్పు పడ్డాక ఎవరినీ కదిలించకూడదు. బాజాలు పక్కనే మోగుతుంటే ఎంత మంచి ప్రశ్నైనా "ఆఁ?" అయిపోతుంది. ఒంటరిగా కూర్చున్న ఆడమనిషిని మగవాడు పలకరించేటప్పుడు పెళ్ళి విషయం దాటి వెళ్ళకపోవడమే మంచిది. ఎక్కడ దిగారు, ఎవరితో వచ్చారు లాంటివి ఆవిడకి వేరేగా వినబడతాయి.

వేళ సరిగ్గానే ఉండి, రెండు ప్రశ్నలకీ పొట్టి జవాబులే వస్తే మూడోది అడగకండి. నిద్ర వస్తుండొచ్చు, మనసు బాగుండకపోవచ్చు.

బాగా సాగిన మాటని ఆపడం కూడా కొందరికి రాదు, దిక్కులు చూస్తూ జారుకుంటారు. వాళ్ళు చెప్పినదాంట్లోంచి ఒకటి తీసుకుని లేవండి. ఆ రాత్రి అక్షింతలకి పిలుపు వచ్చినప్పుడు నేను "వెళ్ళేటప్పుడు వంతెన మీదుగా తీసుకెళ్ళండి, అమ్మగారు ఇప్పటికే ఒకసారి దాటారు కదా" అన్నాను. ఆయన నవ్వి, "ఆవిడే ఒప్పుకోదండి, భయమంటూనే పంటే కావాలంటుంది" అన్నారు.