డబుల్స్ సర్వీస్ దగ్గర గొడవలు: ఏ గీత లెక్క, ఎంత ఎత్తు లెక్క

సమస్య: ఎంవీపీ కాలనీ అపార్ట్‌మెంట్ కోర్టులో ఆదివారం బ్యాడ్మింటన్ డబుల్స్. ఒకరు ఎత్తుగా ఫ్లిక్ సర్వ్ కొట్టారు. షటిల్ వెనక ఉన్న రెండు గీతల మధ్య పడింది. సర్వ్ చేసినవారు "ఇన్" అంటారు, అవతలివాళ్లు "అవుట్" అంటారు.

కారణం: సింగిల్స్ అలవాటు. సింగిల్స్ సర్వీస్ బాక్స్ పొడవు, సన్నం. అది చివరి గీత దాకా ఉంటుంది, కోర్టు పక్కన రెండు గీతల మధ్య ఉండే గల్లీ అందులోకి రాదు. డబుల్స్ బాక్స్ పొట్టి, వెడల్పు. పక్క గల్లీ కలుస్తుంది కానీ, వెనక 76 సెంటీమీటర్లు తగ్గుతుంది. ఆ లోపలి గీతే డబుల్స్ లాంగ్ సర్వీస్ లైన్. కాబట్టి పై సర్వ్ అవుట్. గీత మీద పడితే మాత్రం ఇన్.

పరిష్కారం: అలాంటి సర్వ్‌ని వదిలేయమని పార్ట్‌నర్ వెనక నుంచి అరవాలి. కొట్టేస్తే ఆట నడుస్తున్నట్టే, తర్వాత అవుట్ అనడం కుదరదు. సర్వ్‌ని తిరిగి కొట్టాక ఆ గీత పని అయిపోతుంది. ర్యాలీలో చివరి గీత దాకా అంతా ఇన్. ర్యాలీలో "లోపలి గీత దాటింది" అని వదిలేసేవాళ్లు పాయింట్లు పోగొట్టుకునేది ఇక్కడే.

నెట్ దగ్గర ఉండే షార్ట్ సర్వీస్ లైన్ సింగిల్స్‌కీ డబుల్స్‌కీ ఒకటే. అయినా సర్వ్‌లు తరచూ ఆ గీతకు ముందే పడుతున్నాయంటే, ముందు టేపు పట్టండి. నెట్ నుంచి ఆ గీత నెట్ వైపు అంచుకు 1.98 మీటర్లు ఉండాలి. సొంతంగా పెయింట్ వేసుకున్న కోర్టుల్లో గీత మధ్యకు కొలిచి, రెండు సెంటీమీటర్లు తప్పడం సహజం.

సమస్య: నెట్‌ను ఆనుకుని వెళ్లే సర్వ్‌కి "ఎత్తు ఎక్కువైంది, ఫాల్ట్" అంటున్నారు. మీకేమో నడుము కిందే కొట్టాననిపిస్తుంది.

కారణం: నడుము లెక్క పాతది. 2018 నుంచి అంతర్జాతీయ పోటీల్లో కొలత ఒకటే: రాకెట్ తగిలే క్షణాన షటిల్ మొత్తం నేల నుంచి 1.15 మీటర్ల కింద ఉండాలి. మనిషి పొడుగైనా పొట్టైనా అంతే, అందుకే పొడుగువాళ్లు కాస్త వంగి సర్వ్ చేస్తారు. "మొత్తం" అన్న మాట చాలామంది పట్టించుకోరు. కార్క్ కిందికి ఉండేలా పట్టుకుంటే ఈకల చివర దానికంటే సుమారు 8 సెంటీమీటర్లు పైన ఉంటుంది. కార్క్ అడుగు 1.10 దగ్గర ఉంటే ఈకలు 1.18 దగ్గర ఉన్నట్టే. అది ఫాల్ట్.

పరిష్కారం: నెట్ స్తంభం 1.55 మీటర్లు. పైనుంచి 40 సెంటీమీటర్లు కిందికి కొలిచి రంగు టేపు చుట్టండి, అదే 1.15. తర్వాత ఫోన్ కెమెరాను సరిగ్గా అదే ఎత్తులో, సర్వ్ చేసే మనిషికి పక్కగా పెట్టి స్లోమోషన్‌లో తీయండి. ఫోన్ కిందో పైనో ఉంటే షటిల్ అసలు ఎత్తు తెలియదు. తేడా కనిపిస్తే షటిల్ పట్టుకునే చేతిని కిందికి దించండి, రాకెట్ ఊపు మార్చక్కర్లేదు.